48 అంగుళాల నైటీ: లూజు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

పని ఏమిటి

మూడు మీటర్ల నూలు బట్టతో ఒక నైటీ, రెండుంపావు మీటర్ల బట్టతో ఒక పైజామా. రెండూ ఒకే మనిషికి. వేసుకునే ఆవిడ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, చాతీ 40. షాపులో ఈ కొలతకి కళ్లు మూసుకుని ఎక్స్‌ఎల్ చేతిలో పెడతారు, లేదంటే ‘ఫ్రీ సైజు’ అంటారు. అలా కొన్న ఒక ఎక్స్‌ఎల్ నైటీని బల్ల మీద పరిచి టేపు పెడితే చాతీ చుట్టూ 46, భుజం నుంచి భుజానికి 16.5, పొడవు 55, భుజం చివర నుంచి చంక వరకు లోతు 9.5 వచ్చాయి.

చాతీ దగ్గర ఆరంగుళాల లూజు ఉంది, బాగానే ఉంది. తక్కిన మూడు అంకెలే బాధ పెడతాయి. ఆవిడ భుజం 14.5 కాబట్టి రెండంగుళాల బట్ట చేతుల మీదకి జారి, మెడ ఒక పక్కకి ఒరుగుతుంది. మెడ పక్క నుంచి నేల వరకు కొలిస్తే 51 అంగుళాలే, కాబట్టి 55 అంగుళాల నైటీ నేల మీద పడి ఇంకా నాలుగంగుళాలు మిగులుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు కాలికింద పడేది ఇదే, బాత్రూములో తడిసేదీ ఇదే. చంక లోతు సంగతి కాస్త తరవాత.

రెడీమేడ్‌లో సైజు పెంచితే అన్నీ కలిసి పెరుగుతాయి: మెడ, భుజం, చంక, పొడవు. ఒంటికి గాలాడాలంటే పెరగాల్సింది మాత్రం చాతీ కింద నుంచి అంచు దాకా ఉన్న చుట్టుకొలత ఒక్కటే. ఈ పని మొత్తం ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

కొలతలు: నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి

జాకెట్టుకి తీసినట్టు ఊపిరి బిగబట్టించి టేపు లాగితే ఇక్కడ పనికిరాదు. రాత్రి బట్టకి కొలతలు భోజనం అయ్యాక తియ్యడం మేలు. నడుముకీ పొట్టకీ ఉదయానికీ రాత్రికీ మధ్య అంగుళం, కొందరికి ఇంకా ఎక్కువే తేడా వస్తుంది.

నిలబడి తీసినవి: భుజం 14.5, చాతీ 40, నడుము 38, సీటు 43, దండ చుట్టూ 13, మెడ పక్క నుంచి నేలకి 51.

తరవాత కుర్చీలో కూర్చోబెట్టి సీటు కొలిస్తే 45, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే 45.5. నిలబడినప్పటి కంటే రెండున్నర అంగుళాలు ఎక్కువ. నేల మీద కూర్చుని కూరలు తరిగే, పూజ చేసుకునే, పిల్లల్ని ఆడించే ఇళ్లలో ఈ రెండో అంకే అసలు సీటు కొలత.

ఇంకోటి కూడా తీశాం, దీన్ని చాలామంది వదిలేస్తారు. మామూలుగా ఒక అంగ వేసి ఆగి, రెండు చీలమండల చుట్టూ టేపు తిప్పితే 58 అంగుళాలు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి కొలిస్తే 62. చీలిక లేని నైటీకి అంచు చుట్టుకొలత దీనికంటే తక్కువ ఉంటే నడకకి అడ్డం పడుతుంది. 66 పెట్టుకున్నాం. పోనీ ఇంకా పెంచుదామని 80 దాటిస్తే పడుకుని పక్కకి తిరిగినప్పుడు బట్ట కాళ్లకి చుట్టుకుంటుంది. నేల మీద నుంచి లేచేటప్పుడు అంచు మీదే కాలు పడి మెడ దగ్గర లాగుతుంది కూడా. అంచు వెడల్పుకి కింద ఒక హద్దు ఉన్నట్టే పైన కూడా ఒకటి ఉంది.

పొడవు 48. నేలకి మూడంగుళాలు పైన ఆగుతుంది, చీలమండ దగ్గరికి వస్తుంది.

బట్ట

మల్‌మల్, కేంబ్రిక్, పాప్లిన్, రేయాన్ – ఈ నాలుగింటిలో కేంబ్రిక్ తీసుకున్నాం. కారణాలు ఇవి.

మల్‌మల్ అన్నిటికంటే చల్లన. కానీ లోపల లైనింగు లేకపోతే వెలుగులో ఒళ్లు కనబడుతుంది, లైనింగు వేస్తే ఆ చల్లదనం సగం పోతుంది. నేత పల్చన కాబట్టి కూర్చున్నప్పుడు లాగుడు పడే చోట్ల, అంటే సీటు దగ్గర పక్క కుట్ల వెంట, పోగులు పక్కకి జరిగి సందులు పడతాయి. పాప్లిన్ గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది, అయితే కుచ్చు పెడితే ఒంటి మీద వాలకుండా ఉబ్బెత్తుగా నిలబడుతుంది. రేయాన్ షాపులో ముట్టుకుంటే అన్నిటికంటే మెత్తగా, జారుగా ఉంటుంది. చెమటను నూలు కంటే ఎక్కువే పీలుస్తుంది కూడా. కానీ తడిసినప్పుడు బలం తగ్గిపోతుంది, ఒంటికి అంటుకుంటుంది, ఉతికితే నూలు కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. ఉక్కపోత ఉండే కోస్తా ఊళ్లలో రాత్రంతా రేయాన్ వేసుకుంటే వీపుకి అతుక్కోవడం ఇందుకే. పొడి వేడి ఉండే చోట ఆ ఇబ్బంది అంతగా తెలియదు.

పాలియెస్టర్ సాటిన్ నైటీలు చూడ్డానికి బాగుంటాయి. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటే పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట బట్టలోకి వెళ్లదు, ఒంటి మీదే నిలుస్తుంది. లూజుగా కుట్టినా ఆ చెమ్మ తగ్గదు.

కేంబ్రిక్‌లో కూడా మంచిదీ చెడ్డదీ తెలుసుకోవడానికి షాపులోనే రెండు పరీక్షలు చెయ్యొచ్చు. బట్ట మూలని రెండు వేళ్ల మధ్య గట్టిగా నలిపి చూడాలి. పొడి రాలినా, నలిపిన చోట పల్చబడినా గంజి ఎక్కించి బరువు చూపిస్తున్నారని లెక్క. రెండోది, బట్ట కింద అరచెయ్యి పెట్టి వెలుగుకి పట్టుకోవడం. చెయ్యి నీడలా కనిపిస్తే పరవాలేదు, వేళ్ల గీతలు విడివిడిగా కనిపిస్తే లైనింగు లేకుండా పనికిరాదు.

నీళ్లలో వేశాక

పన్నా 44 అంగుళాలు, పొడవు మూడు మీటర్లు, అంటే 118 అంగుళాలు. మామూలుగా ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే ఉతికాం. మెషిన్‌లో వేసేవాళ్లు మెషిన్‌లోనే వెయ్యాలి, చల్లటి నీళ్లలో ఊరికే ముంచి తీస్తే గంజి పోతుంది గానీ కుంచించుకోవడం పూర్తవదు. ఆరి, ఇస్త్రీ అయ్యాక కొలిస్తే పొడవు 114, పన్నా 43.

పొడవు వైపు, అంటే పడుగు వైపు, ఎక్కువ తగ్గింది. మగ్గం మీద బిగించి ఉండేది పడుగే కాబట్టి నీళ్లు తగలగానే అదే ఎక్కువ వెనక్కి పోతుంది. ఉతక్కుండా 48 అంగుళాలకి కత్తిరించి కుట్టి ఉంటే ఈ బట్ట మొదటి ఉతుకుకే ఒకటిన్నర అంగుళానికి పైగా పొట్టిదయ్యేది. రెడీమేడ్ నైటీలు 55 పొడవు ఉండటానికి ఒక కారణం కూడా ఇదే: ఉతికితే ఎంత తగ్గుతుందో తయారీదారు కొనేవాళ్ల మీదకి నెట్టేస్తాడు.

మెడకి వేసే పైపింగ్ పట్టీ, లేసు కూడా ఇదే నీళ్లలో వెయ్యాలి. బట్ట ఉతికి, పైపింగ్ ఉతక్కుండా కుడితే తరవాత పైపింగ్ ఒక్కటే కుంచించుకుని మెడ చుట్టూ ముడతలు పడతాయి. ఇస్త్రీ పెట్టి ఎంత లాగినా ఆ ముడత పోదు.

కాగితం మీద

భుజం 15 గీశాం. ఒంటి కొలతకి అరంగుళం ఎక్కువ, అంతే. మెడ వెడల్పు 6.5, వెనక లోతు 1.5, ముందు లోతు 5.5. ఈ మెడ చుట్టూ టేపు నిలబెట్టి కొలిస్తే 21 అంగుళాలు. తల చుట్టుకొలత 22, కాబట్టి మెడలోంచి తల పట్టదు. చాలామంది ఇక్కడ మెడ వెడల్పు పెంచేస్తారు. అప్పుడు పడుకుంటే భుజం జారి బయటికి వస్తుంది. దానికి బదులు ముందు మధ్యలో ఐదంగుళాల చీలిక, రెండు గుండీలు. చీలిక రెండు వైపులా కలిపి పది అంగుళాలు ఇస్తుంది, మెడ మాత్రం చిన్నగానే ఉంటుంది. జిప్పు వెయ్యాలంటే నైలాన్‌దే వెయ్యాలి, లోహపు జిప్పు బోర్లా పడుకుంటే గుచ్చుకుంటుంది. పాలిచ్చే తల్లులకైతే మధ్యలో ఒకటి కాకుండా యోకు, అంటే భుజాల నుంచి చాతీ పైభాగం దాకా విడిగా కోసి కలిపే ముక్క, పక్కలకి రెండు నిలువు జిప్పులు.

చాతీ మూల కొలత 46, అంటే పావు భాగం 11.5. దీని మీద ముందు భాగానికి మాత్రమే మధ్యలో ఐదంగుళాలు కుచ్చు కోసం కలిపాం. మొత్తం 51 అయింది, ఒంటి మీద 11 అంగుళాల లూజు. కుచ్చు ముందుకే పెట్టడానికి కారణం ఉంది: వెనక కుచ్చు పెడితే వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ మడతలు వీపు కింద గట్లలా తగులుతాయి. అందుకే వెనక భాగం యోకు లేకుండా ఒకే ముక్క. కుచ్చు పట్టే యోకు ముందు మాత్రమే, మెడ పక్క నుంచి ఏడంగుళాల లోతు.

ఇక చంక లోతు. రెడీమేడ్‌లో 9.5 ఉంది, ఇక్కడ 8 పెట్టాం. లూజు నైటీకి చంక తగ్గించడమేమిటని దర్జీలే అడుగుతారు. చంక కిందికి దిగితే చెయ్యీ ఒళ్లూ కలిసే కుట్టు దండకి దూరంగా, నడుముకి దగ్గరగా పోతుంది. చెయ్యి ఎత్తగానే ఆ కుట్టు పక్క బట్ట మొత్తాన్ని పైకి లాగుతుంది. చెయ్యి సులువుగా కదలాలంటే చంక ఎత్తులోనే ఉండి, చేతి బట్ట వెడల్పు పెరగాలి. లోతు వేరు, లూజు వేరు.

అందుకే చేతి వెడల్పు 17.5, దండ మీద నాలుగున్నర అంగుళాల లూజు. చేతి పైన వంపు ఎత్తు మూడంగుళాలే. జాకెట్టు చేతికి ఈ వంపు ఎత్తుగా ఉంటుంది, చెయ్యి కిందికి వేలాడేటప్పుడు ముడత పడకూడదని. వంపు తగ్గించే కొద్దీ చెయ్యి దించినప్పుడు చంకలో కాస్త బట్ట పోగవుతుంది, ఎత్తినప్పుడు సులువవుతుంది. ఇక్కడ అందం కంటే రెండోదే కావాలి. కుట్టేముందు చేతి వంపు చుట్టూ, ఒంటి చంక చుట్టూ టేపు నిలబెట్టి సరిచూడాలి. రెండూ 19 దగ్గరికి వచ్చాయి. చేతి వంపు అరంగుళం ఎక్కువైతే సర్దుకుంటుంది, అంతకు మించితే భుజం మీద బుడగలా లేస్తుంది.

చేతి పొడవు భుజం చివర నుంచి 11, మోచేతికి కాస్త పైన ఆగుతుంది. చివర వెడల్పు 14కి తగ్గించాం. పొయ్యి ముందు నైటీతోనే నిలబడే ఇళ్లలో చేతి చివర వెడల్పుగా వేలాడకూడదు. ముందు బర్నరు మీదుగా వెనక గిన్నె అందుకునేటప్పుడు మంట తగిలేది అక్కడే. నూలు గబుక్కున అంటుకుంటుంది, పాలియెస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు పిల్లల నైట్‌డ్రెస్సుల మీద ఒంటికి బిగుతుగా ఉండాలన్న చీటీ చూసే ఉంటారు. 1970లలో వచ్చిన అక్కడి నియమాలు, 1996లో చేసిన మార్పు ప్రకారం తొమ్మిది నెలలు దాటిన పిల్లల రాత్రి బట్టలు మంటను తట్టుకునే బట్టతోనైనా ఉండాలి, లేదా ఒంటికి పట్టి ఉండాలి. ఒంటికీ బట్టకీ మధ్య గాలి ఉంటే మంట త్వరగా పాకుతుంది. పెద్దవాళ్లకి చెప్పిన లూజు లెక్క చిన్నపిల్లలకి వర్తించదు.

పాత దుప్పటితో నమూనా

కొత్త బట్ట కొయ్యకముందు పాత నూలు దుప్పటితో ఒకటి కత్తిరించి పెద్ద కుట్లతో కలిపాం. అద్దం ముందు నిలబడి చూసుకోవడం వల్ల రాత్రి బట్ట గురించి ఏమీ తెలియదు. ఆవిడ చేత నాలుగు పనులు చేయించాం: రెండు చేతులూ పైకెత్తడం, బాసింపట్టు వేసి కూర్చుని లేవడం, మంచం మీద పక్కకి దొర్లడం, రెండు మెట్లు ఎక్కడం.

చేతులెత్తితే అంచు ఒకటిన్నర అంగుళం లేచింది. పక్కనే పెట్టిన రెడీమేడ్ వేసి ఎత్తిస్తే మూడంగుళాలకి పైగా. చంక లోతు గురించి చెప్పిన మాట ఇక్కడే తేలింది.

నిలబడ్డప్పుడు ముందు అంచు వెనక అంచు కంటే అంగుళంపావు పైకి లేచి ఉంది. బట్ట చాతీ మీద నుంచి, పొట్ట మీద నుంచి వంపు తిరిగి వస్తుంది కాబట్టి ముందు ఎక్కువ పొడవు తింటుంది. చాతీ 36, 38 ఉన్నవాళ్లకి ఈ తేడా అంతగా కనబడదు. 40 దాటాక, పొట్ట ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ బాగా కనబడుతుంది. దీన్ని కింద అంచు దగ్గర కలపకూడదు. ముందు ముక్క పై అంచున, కుచ్చు పట్టే మధ్య భాగంలో అంగుళంపావు ఎత్తి, పక్కలకి వచ్చేసరికి సున్నా చెయ్యాలి. అప్పుడు పక్క కుట్లు రెండూ సమానంగా ఉంటాయి, అంచు నేలకి సమాంతరంగా నిలుస్తుంది.

మూడోది జేబు. పక్క కుట్టులో జేబు పెట్టి ఫోను వేస్తే ఆ పక్క భుజం కిందికి గుంజింది. కుట్టుకే వేలాడే జేబు సంచి ఊగుతుంది, దాంతో బరువంతా ఒకే చోట పడుతుంది. సంచి ముందు అంచుని ముందు ముక్కకి రెండు చోట్ల కుట్టేసి ఊగకుండా ఆపాం. నోరు చంకకి పదంగుళాల కింద మొదలై ఆరున్నర అంగుళాలు.

కోత

ఉతికాక మిగిలిన 114 అంగుళాల్లో లెక్క ఇలా పడింది. ముందు ముక్కకి యోకు పోగా 41, పైన ఎత్తిన 1.25, కుట్టుకీ మడతకీ 2, మొత్తం 44.25. వెనక ముక్కకి 48, కుట్టుకీ మడతకీ 2, మొత్తం 50. చేతులు రెండూ పక్కపక్కన 12.5. కలిపితే 106.75. మిగిలింది ఏడంగుళాల చిల్లర.

యోకుకి ఎనిమిది కావాలి, అదీ రెండు పొరలు. నేరుగా కోస్తే బట్ట చాలదు. అయితే బట్టని నిలువుగా 17 అంగుళాల వెడల్పుకి మడిచి ముందు, వెనక ముక్కలు కోసినప్పుడు పక్కన తొమ్మిదంగుళాల పొడవాటి పట్టీ మిగులుతుంది. యోకు ముక్కలని ఆ పట్టీలో అడ్డంగా తిప్పి కోశాం. పడుగు పోగు ఇప్పుడు భుజం నుంచి భుజానికి వెళుతుంది. ఇది సర్దుబాటుకి చేసినా మేలే జరిగింది: పడుగు తక్కువ సాగుతుంది కాబట్టి కుచ్చుల బరువుకి యోకు వెడల్పు సాగదు. చొక్కా వెనక యోకు చాలామంది ఇలాగే కోస్తారు. చారల బట్ట, ఒకే దిక్కున ఉన్న పువ్వుల బట్ట అయితే యోకు మీద డిజైను పక్కకి తిరుగుతుందని ముందే తెలుసుకోవాలి. జేబు సంచులు కూడా ఆ పట్టీలోనే వచ్చాయి. మెడ పైపింగుకి ఏడంగుళాల చిల్లరలోంచి మూలకోతగా పట్టీలు తీశాం.

5 అడుగుల 5 అంగుళాలు దాటిన మనిషికి మూడు మీటర్లు చాలవు, మూడుంపావు కొనాలి. ‘నైటీ బిట్’ అని కట్టి అమ్మేవి కొన్ని మూడు మీటర్లు కూడా ఉండవు, విప్పి కొలిపించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

కుట్టు

సూది 14 నంబరు, అంగుళానికి పది పన్నెండు కుట్లు. మల్‌మల్ అయితే సూది 11కి మార్చాలి, లేకపోతే సూది దిగిన చోటల్లా రంధ్రం కనిపిస్తుంది.

కుచ్చుకి పెద్ద కుట్లతో రెండు వరసలు పావు అంగుళం ఎడంగా వేసి, కింది బాబిన్ దారాలు లాగాలి. ఒక్క వరసతో లాగితే కుచ్చులు ఒకచోట గుంపు పడి ఇంకోచోట ఖాళీగా ఉంటాయి. కుచ్చు యోకు మధ్య ఎనిమిది అంగుళాల్లోనే పరిచాం, చంకల వైపు పోనివ్వలేదు. చంక దగ్గర కుచ్చు పడితే చెయ్యి దించినప్పుడు లోపల గుత్తిగా తగులుతుంది.

యోకు రెండు పొరల మధ్య కుచ్చు అంచుని పెట్టి కుట్టేస్తే ఒంటి వైపు పచ్చి అంచు ఉండదు. పక్క కుట్లు, చంక కుట్లు ఓవర్‌లాక్ చేసి వెనక్కి వాల్చి ఇస్త్రీ చెయ్యాలి. ఓవర్‌లాక్‌కి గట్టి నైలాన్ దారం వాడే దుకాణాలు ఉన్నాయి, చంకలో దురదకి చాలాసార్లు బట్ట కాదు, ఆ దారమే కారణం. అంచు మడత వెంటనే కుట్టకుండా ఒక రాత్రి హ్యాంగరుకి వేలాడదీశాం. పక్కలు ఏటవాలుగా కోసిన చోట బట్ట దిగుతుంది. ఈ నైటీకి రెండు పక్కలా పావు అంగుళం దిగింది, దాన్ని సరిచేసి అప్పుడు మడత కుట్టాం.

పైజామా

నైటీలో చంకకి చెప్పిందే పైజామాలో తొడల మధ్య కుట్టుకి వర్తిస్తుంది. అది మరీ కిందికి దిగితే అంగ వెయ్యగానే రెండు తొడలనీ కలిపి లాగుతుంది, లేదా నడుము పట్టీని కిందికి గుంజుతుంది. లూజుగా ఉందనుకుని కొన్న పైజామా మెట్ల మీద బిగుసుకోవడం దీనివల్లే.

కొలత తియ్యడానికి గట్టి బల్ల మీద కూర్చోబెట్టి, నడుము నుంచి బల్ల వరకు పక్కన టేపు పెట్టాలి. 10.5 వచ్చింది. దానికి రెండంగుళాలు కలిపి 12.5 పెట్టాం. మూడు నాలుగు కలిపితే పైన చెప్పిన ఇబ్బంది మొదలవుతుంది. సీటు వెడల్పు మాత్రం ధారాళంగా 51. నేల మీద కూర్చున్నప్పుడు వెనక నడుము కిందికి జారకుండా వెనక భాగం ముందుకంటే రెండంగుళాలు ఎత్తుగా కోశాం. ముందూ వెనకా ఒకే ఎత్తులో కోసిన పైజామాలు కూర్చోగానే వీపు బయటపెట్టడం అందరూ చూసేదే.

ఒక్కో కాలు పక్క కుట్టు లేకుండా ఒకే ముక్క. పక్కకి తిరిగి పడుకుంటే తుంటి ఎముక కింద కుట్టు తగలదు. పూర్తయిన పొడవు 36, చీలమండ మీదికి.

ఎలాస్టిక్ అంగుళం వెడల్పుది, అల్లినది కాకుండా నేసినది. అల్లిన ఎలాస్టిక్ సాగినప్పుడు వెడల్పు తగ్గి తాడులా మారి గుచ్చుకుంటుంది. నడుము 38 కాబట్టి 36 అంగుళాల ముక్క కోసి, ఒక అంగుళం ఒకదానిమీద ఒకటి పెట్టి కలిపాం, చుట్టు 35 అయింది. నడుముకి ఐదారు అంగుళాలు తగ్గించి కొయ్యడం చాలామందికి అలవాటు. అది బయట వేసుకునే లెగ్గింగుకి సరే, రాత్రంతా వేసుకునే దానికి కాదు. పట్టు తగ్గిందనిపిస్తే అదే మడతలోంచి బొందు కూడా వేస్తే చాలు, రాత్రి బొందు వదులు చేసుకోవచ్చు. పట్టీ మడత లోపలి వెడల్పు ఎలాస్టిక్ కంటే పావు అంగుళం మాత్రమే ఎక్కువ ఉండాలి, అంతకంటే ఎక్కువైతే ఎలాస్టిక్ లోపల తిరగబడుతుంది. బిగువు సరిపోయిందో లేదో తెలియాలంటే గంటసేపు కూర్చున్నాక పట్టీ తీసి చూడాలి: చర్మం మీద ఎర్రటి గీత లోతుగా పడితే అంగుళం వదలాలి.

ఉతికాక కొలిచిన అంకెలు

నైటీ పొడవు 48 ఉన్నది 47.75 అయింది, చాతీ చుట్టూ 51 ఉన్నది 50.5. ముందే ఉతికిన బట్టలో కూడా ఈ కాస్త తగ్గుతుంది, ఇది లెక్కలోదే. మెడ ముడత పడలేదు. పైజామా పొడవు 35.75. యోకు కింద కుట్టు దగ్గర రెండు చోట్ల కుచ్చు కాస్త ఉబ్బింది, అది ఇస్త్రీతో పోయింది.

రెడీమేడ్ కొనాల్సి వస్తే

కుట్టించే తీరిక లేకపోతే ఇవే అంకెలు పట్టుకుని షాపుకి వెళ్లొచ్చు. ఇంట్లో ఇప్పటికే హాయిగా ఉన్న ఒక నైటీని పరిచి భుజం, చంక నుంచి చంక, పొడవు, అంచు వెడల్పు రాసుకుని, షాపులో నైటీని అలాగే పరిచి కొలవాలి. చంక నుంచి చంకకి కొలిచింది రెట్టింపు చేస్తే చాతీ చుట్టుకొలత. ఒంటి చాతీ కంటే ఆరంగుళాలైనా ఎక్కువ ఉండాలి. భుజం ఒంటి కొలతకి అంగుళం మించకూడదు. పొడవు ఎక్కువైతే అంచు మడిచి కుట్టించుకోవచ్చు, కానీ ఒక ఉతుకు అయ్యాకే. వెడల్పు తక్కువైతే పక్క కుట్టులో పట్టీ వేయించొచ్చు. భుజం, చంక మాత్రం తరవాత సరిచెయ్యడం కష్టం. చంక కింద చతురస్రపు ముక్క వేసి కాస్త నయం చెయ్యొచ్చు గానీ, దానికయ్యే కూలితో ఇంకో నైటీ కుట్టించుకోవచ్చు.

ఇదే కాగితంతో తరవాతిది

తరవాత కుట్టాల్సింది ఇంట్లో పెద్దావిడకి. భుజం నొప్పి వల్ల చెయ్యి తలపైకి ఎత్తలేరు, కాబట్టి తల మీద నుంచి వేసుకునే నైటీ పనికిరాదు. ముందు భాగం మెడ నుంచి అంచు దాకా పూర్తిగా తెరుచుకోవాలి. గుండీలకి బదులు పెద్ద టిచ్ బటన్లు, ఎనిమిది అంగుళాలకి ఒకటి. చిన్న కాజాల్లోంచి గుండీ దూర్చడం వణికే వేళ్లకి కష్టం. ముందు తెరుచుకునే చోట ఒకదానిమీద ఒకటి రెండంగుళాలు ఎక్కేలా అదనపు బట్ట కలపాలి. పొడవు నేలకి ఐదంగుళాలు పైన ఆపి, అంచు చుట్టుకొలత 60కి తగ్గించాలి. కర్ర పట్టుకుని చిన్న అంగలతో నడిచేవాళ్లకి 66 అక్కర్లేదు, ఎక్కువ బట్ట కర్రకే తగులుకుంటుంది. చంక లోతు 8 అలాగే ఉంచి చేతి వెడల్పు 19కి పెంచాలి, చేతి వంపు రెండున్నరకి తగ్గించాలి. అప్పుడు వంపు చుట్టుకొలత 20 దాటుతుంది గనక ఒంటి చంకని లోతు పెంచకుండా పక్కకి అరంగుళం వెడల్పు చేసి రెండూ కలిసేలా చూడాలి. బట్టకి అదే కేంబ్రిక్ మూడుంపావు మీటర్లు తెచ్చి నీళ్లలో వేశాం.